రెండు సున్నాల కథ: డెల్టా బియ్యం, అమ్మకం పన్ను

గుడివాడ వైపు ఒక బియ్యం మిల్లు ముందు రెండు లారీలు నిలబడి ఉన్నాయనుకుందాం. రెండింటిలోనూ ఒకే మరలో ఆడిన, ఒకే రకం బియ్యం. మొదటి లారీ విజయవాడలోని టోకు వ్యాపారికి వెళుతుంది. రెండవది కాకినాడ రేవుకు వెళ్ళి, అక్కడినుంచి ఓడెక్కి ఆఫ్రికా తీరానికి చేరుతుంది. రెండు సరుకులకూ మిల్లు యజమాని విడివిడిగా కాగితాలు రాశాడు. రెండింటిలోనూ పన్ను రాయవలసిన చోట సున్నాయే ఉంది.

కాని నెలాఖరున లెక్క చూసుకుంటే మొదటి సున్నా వల్ల అతని చేతినుంచి డబ్బు పోయింది. రెండవ సున్నా వల్ల పోయిన డబ్బు తిరిగి వచ్చింది. ఈ తేడా తెలియని మిల్లర్లు ఇప్పటికీ ఉన్నారు. "పన్నే లేని సరుకు అమ్ముతున్నాను, ఇక నాకు పన్ను బాధ ఏమిటి?" అని నాతో వాదించిన దూరపు బంధువు ఒకాయన ఉన్నారు. ఆయన వాదనలో తప్పెక్కడుందో చెప్పబోయి, చివరికి ఎనభై ఏళ్ళ వెనక్కు వెళ్ళవలసి వచ్చింది. ఈ వ్యాసం ఆ ప్రయాణమే.

ముందు రెండు మాటలకు అర్థం చెప్పుకోవాలి. ఒక సరుకును "మినహాయింపు" జాబితాలో పెట్టారంటే, అమ్మేటప్పుడు పన్ను వసూలు చేయనక్కరలేదు. దానికి బదులుగా, ఆ సరుకు తయారీకి కొన్న సంచుల మీద, యంత్రాల మీద, విడిభాగాల మీద అమ్మకందారు కట్టిన పన్నును వెనక్కి అడిగే హక్కు కూడా ఉండదు. "సున్నా రేటు" అంటే వేరు. చట్టం దృష్టిలో ఆ అమ్మకం పన్ను వ్యవస్థ లోపలే ఉంది. దాని మీద పడవలసిన రేటు మాత్రం సున్నా. లోపలే ఉంది కనుక, కొనుగోళ్ళ మీద కట్టిన పన్ను, అంటే ఇన్‌పుట్ క్రెడిట్, అమ్మకందారుకు దక్కుతుంది. సర్దుకోవడానికి వేరే పన్ను లేకపోతే నగదుగా వాపసు కూడా ఇస్తారు. మినహాయింపులో చివరి మెట్టు మీద మాత్రమే పన్ను ఎత్తివేస్తారు. సున్నా రేటులో కింది మెట్ల మీద పడినదాన్ని కూడా తుడిచివేస్తారు, లేదా తుడిచివేయడానికి ప్రయత్నిస్తారు. ఆ ప్రయత్నం ఎంతవరకు సాగుతుందో తరువాత చూద్దాం.

కృష్ణా డెల్టాలో బియ్యానికీ పన్నుకూ ఉన్న చుట్టరికం మద్రాసు రోజులనాటిది. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక ఈ ప్రాంతపు ధాన్యం ఇక్కడి అవసరాలను మించిపోయింది. మిగులు ధాన్యం ఉన్నచోట మిల్లులు వస్తాయి, మిల్లులున్నచోట వ్యాపారులు, వ్యాపారులున్నచోట వాళ్ళ చిట్టాలు చూసే ప్రభుత్వం వస్తాయి. 1939లో రాజాజీ మంత్రివర్గం మద్రాసు సాధారణ అమ్మకం పన్ను చట్టాన్ని తెచ్చింది. దేశంలో ఈ తరహా సాధారణ అమ్మకం పన్ను మొట్టమొదట వేసినది మద్రాసు రాష్ట్రమే. మద్యనిషేధం వల్ల పోయిన ఆదాయాన్ని పూడ్చుకోవడం దాని ప్రధాన ఉద్దేశం. కల్లు తాగనివారు కూడా కల్లు పన్ను కట్టవలసి వచ్చిందని అప్పట్లో ఎవరైనా ఛలోక్తి విసిరి ఉంటే ఆశ్చర్యపోనక్కరలేదు.

ఆ పన్ను బహుళ దశల పన్ను. సరుకు చేతులు మారిన ప్రతిసారీ మొత్తం అమ్మకపు విలువ మీద కొద్ది రేటున పడేది. ముందు వ్యాపారి కట్టినది తరువాతి వ్యాపారి ధరలో కలిసిపోయి, ఆ కలిసిపోయిన ధర మీద మళ్ళీ పన్ను పడేది. ఎక్కువ చేతులు మారితే ఎక్కువ పన్ను. క్రెడిట్ అనే ఆలోచనే అందులో లేదు. ముందు దశల పన్నును వెనక్కి ఇచ్చే పద్ధతి లేని వ్యవస్థలో మినహాయింపుకూ సున్నా రేటుకూ తేడా ఉండే అవకాశం కూడా లేదు. పన్ను ఉంటే ఉంది, లేకపోతే లేదు. మన పాతతరం వ్యాపారుల మనస్సులో ఈ లెక్కే స్థిరపడిపోయింది. మా బంధువుగారి వాదన కూడా ఆ రోజుల వాదనే.

1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాయి. 1957లో మన సొంత అమ్మకం పన్ను చట్టం వచ్చింది. ఈ లోపు రాజ్యాంగం ఒక గట్టి గీత గీసింది. ఎగుమతి క్రమంలో జరిగే అమ్మకం మీద రాష్ట్రాలు పన్ను వేయరాదని 286వ అధికరణం చెప్పింది. ఏది ఎగుమతి క్రమంలో జరిగిన అమ్మకమో 1956 నాటి కేంద్ర అమ్మకం పన్ను చట్టం నిర్వచించింది. పైకి చూస్తే ఎగుమతి బియ్యానికి పన్ను పీడ పూర్తిగా వదిలినట్టే. నిజానికి వదలలేదు. ఆ వదలని భాగంలోనే మన కథ అసలు మలుపు ఉంది.

రైతు వ్యాపారి కాడు. అందువల్ల రైతు అమ్మిన ధాన్యం మీద రైతునుంచి పన్ను వసూలు చేయరు. మరి ధాన్యం మీద పన్ను రావాలంటే కొన్నవాడి దగ్గర పట్టుకోవాలి. అదే కొనుగోలు పన్ను. మిల్లు ధాన్యం కొన్నప్పుడు ఆ పన్ను కడుతుంది. ఆ ధాన్యాన్ని ఆడిస్తే బియ్యం వస్తుంది. బియ్యాన్ని విదేశానికి పంపితే బియ్యం మీద పన్ను లేదు, రాజ్యాంగమే కాపాడుతుంది. కాని ధాన్యం మీద కట్టిన పన్ను సంగతేమిటి? అది ఓడ ఎక్కిన బియ్యం ధరలో దాక్కుని సముద్రం దాటిపోతుంది.

"ధాన్యమూ బియ్యమూ ఒకటే కదా, పొట్టు తీస్తే చాలు" అని మిల్లర్లు వాదించారు. సుప్రీంకోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. 1970ల తొలినాళ్ళలో హర్యానాకు చెందిన గణేశ్ ట్రేడింగ్ కంపెనీ కేసులో ధాన్యం వేరు, బియ్యం వేరు అని తేల్చింది. వడ్లు ఉడికితే అన్నం కాదు, బియ్యం నాటితే మొలక రాదు. లోకవ్యవహారంలో రెండూ రెండు సరుకులే కనుక తీర్పులో తప్పు పట్టలేము. దాని ఫలితం మాత్రం మిల్లుకు బరువైంది. 1975లో మహమ్మద్ సిరాజుద్దీన్ కేసులో ఎగుమతిదారుకు సరుకు అమ్మినవాడి అమ్మకం ఎగుమతి కాదని సుప్రీంకోర్టు చెప్పింది. దాంతో 1976లో పార్లమెంటు చట్టాన్ని సవరించి, ఎగుమతికి ముందరి అమ్మకం కూడా ఎగుమతి క్రమంలోనిదే అని చేర్చింది. అయితే ఆ రక్షణ పొందాలంటే ఎగుమతి అయిన సరుకూ, ముందు కొన్న సరుకూ అదే కావాలి. ఓడ ఎక్కినది బియ్యం. కొన్నది ధాన్యం. రక్షణ ధాన్యం దాకా రాలేదు.

దేశంలోపల అమ్మే బియ్యానికి కేంద్ర చట్టం కొంత ఉపశమనం ఇచ్చింది. ధాన్యం మీద కట్టిన పన్నును బియ్యం మీద కట్టవలసిన పన్నులోంచి తగ్గించాలని నిబంధన పెట్టింది. ఒక విధంగా చూస్తే ఇది ఇన్‌పుట్ క్రెడిట్‌కు నాటు రూపం. పేరు లేకపోయినా పని అదే. ఎగుమతి బియ్యానికి ఇది ఉపయోగపడలేదు. బియ్యం మీద పన్నే లేనప్పుడు దేనిలోంచి తగ్గిస్తారు? పన్ను ఉన్నవాడికి తగ్గింపు దొరికింది, పన్ను లేనివాడికి దొరకలేదు. మినహాయింపు అనేదానిలోని గుణం ఇదే. పన్ను కట్టనక్కరలేని వాడు కట్టేవాడికన్నా నష్టపోవచ్చు.

1996లో పార్లమెంటు దీన్ని సరిచేసింది. ధాన్యం కొనుగోలు మీద పన్ను పడి, ఆ ధాన్యంనుంచి వచ్చిన బియ్యం ఎగుమతి అయితే, ఎగుమతికి ముందరి అమ్మకాన్ని గురించిన నియమం కోసం ధాన్యాన్నీ బియ్యాన్నీ ఒకే సరుకుగా చూడాలని చేర్చింది. కోర్టు రెండు సరుకులన్నదాన్ని పార్లమెంటు ఒక్క పనికోసం ఒకే సరుకు అంది. సున్నా రేటు అనే మాట మన చట్టాల్లోకి ఇంకా రాలేదు. కాని డెల్టా మిల్లరు అనుభవంలో దాని అవసరం అప్పటికే తెలిసిపోయింది.

ఆ మాట పుట్టిన చోటు వేరు. 1954లో ఫ్రాన్సులో మోరిస్ లోరే రూపొందించిన విలువ ఆధారిత పన్ను ప్రతి దశలోనూ పన్ను వేసి, ముందు దశ పన్నును తగ్గించే పద్ధతి తెచ్చింది. ఆ పద్ధతి వచ్చాకే రెండు సున్నాల మధ్య గీత పడింది. 1973లో బ్రిటన్ ఈ పన్ను వేసినప్పుడు చాలావరకు ఆహారపదార్థాలకు సున్నా రేటు ఇచ్చింది. అక్కడి రొట్టె వ్యాపారి పిండి మర మీద కట్టిన పన్నును ప్రభుత్వంనుంచి వెనక్కి తీసుకుంటాడు. మన దేశంలో 1986లో కేంద్ర ఎక్సైజులో క్రెడిట్ పద్ధతి మొదలైనా, అమ్మకం పన్ను దాకా రావడానికి మరో పందొమ్మిదేళ్ళు పట్టింది.

2005 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ విలువ ఆధారిత పన్ను చట్టం అమలులోకి వచ్చింది. విజయవాడ వన్‌టౌన్ కొట్లలో అప్పటిదాకా లేని కొత్త కాగితాలు, కొత్త గడులు వచ్చాయి. ఆ చట్టంలో 7వ సెక్షను మినహాయింపు అమ్మకాలను, 8వ సెక్షను సున్నా రేటు అమ్మకాలను పక్కపక్కనే పెట్టింది. పక్కపక్కనే ఉండటం వల్ల రెండూ కవలలనిపిస్తాయి. మొదటిదానిలో మొదటి షెడ్యూలు సరుకులు. రెండవదానిలో ఎగుమతులు, ఎగుమతికి ముందరి అమ్మకాలు, ప్రత్యేక ఆర్థిక మండళ్ళకు అమ్మకాలు, ఇతర రాష్ట్రాలకు అమ్మిన పన్ను పడే సరుకులు. ఇతర రాష్ట్రాల అమ్మకం మీద కేంద్ర అమ్మకం పన్ను విడిగా ఉండేది. రాష్ట్ర పన్ను మట్టుకు సున్నా, క్రెడిట్ దక్కేది. మన చట్టంలో ఎగుమతిదారు చేతికి క్రెడిట్‌ను హక్కుగా అందించినది ఈ సెక్షనే.

2017 జూలై 1న వస్తుసేవల పన్ను వచ్చి ఈ చట్టాన్ని పక్కకు నెట్టింది. ఇక్కడే మాటల గందరగోళం బాగా పెరిగింది. రేట్ల పట్టికలో విడి బియ్యానికి, ధాన్యానికి ఎదురుగా "నిల్" అని రాసి ఉంటుంది. నిల్ అంటే సున్నా. సున్నా అంటే సున్నా రేటు కదా అని సామాన్యుడు అనుకుంటే తప్పేముంది? కాని చట్టం నిర్వచనాల ప్రకారం నిల్ రేటు ఉన్న సరఫరా "మినహాయింపు సరఫరా"లో భాగం. సున్నా రేటు సరఫరా అనే పేరు రెండింటికే దక్కింది: విదేశాలకు ఎగుమతి, ప్రత్యేక ఆర్థిక మండలికి సరఫరా. పట్టికలో ఉన్న సున్నా ఒక సున్నా, చట్టంలో ఉన్న సున్నా ఇంకొక సున్నా. దేశంలో నిల్ ఉన్న సరుకునే ఓడ ఎక్కిస్తే ఏమవుతుందన్న సందేహానికి కూడా సమాధానం ఇచ్చారు. సరుకు మినహాయింపు సరుకే అయినా, ఎగుమతి చేస్తే క్రెడిట్ వాడుకోవచ్చని సమీకృత వస్తుసేవల పన్ను చట్టం 16వ సెక్షను స్పష్టంగా అంటుంది.

ఇప్పుడు గుడివాడ మిల్లుకు తిరిగి వద్దాం. అంకెలు నేను ఊహించినవి, లెక్కవేసే పద్ధతి మాత్రం నిబంధనల్లో ఉన్నది. ఒక నెలలో మిల్లు 2 కోట్ల రూపాయల బియ్యం అమ్మింది. అందులో 1 కోటి 20 లక్షలు పెద్ద సంచుల్లో దేశంలోనే అమ్మిన విడి బియ్యం. 80 లక్షలు తన పేరు మీదనే ఎగుమతి చేసిన బియ్యం. సంచులు, మిల్లు విడిభాగాలు, మరమ్మతులు, ఇతర సేవల మీద ఆ నెలలో కట్టిన పన్ను 2 లక్షలు. ఈ ఖర్చులు రెండు రకాల అమ్మకాలకూ ఉమ్మడి. తవుడు లెక్క ప్రస్తుతానికి పక్కన పెడదాం.

మొత్తం అమ్మకంలో మినహాయింపు భాగం 60 శాతం. కనుక 2 లక్షల్లో 1 లక్షా 20 వేలను మిల్లు తన క్రెడిట్ ఖాతాలోంచి వెనక్కి ఇచ్చేయాలి. అది దాని ఖర్చుగా మిగిలిపోతుంది. మిగిలిన 80 వేలు ఎగుమతికి చెందిన క్రెడిట్. వాపసు మొత్తాన్ని ఈ కింది సూత్రంతో లెక్కవేస్తారు:

```
వాపసు = (సున్నా రేటు అమ్మకం × నికర క్రెడిట్) ÷ సవరించిన మొత్తం అమ్మకం
      = (80,00,000 × 80,000) ÷ 80,00,000
      = 80,000
```

సవరించిన మొత్తం అమ్మకంలో మినహాయింపు అమ్మకాలు కలపరు. అందుకే కింద కూడా 80 లక్షలే వచ్చింది, వాపసు పూర్తిగా దక్కింది. ఇదే మిల్లు అంతా దేశంలోనే విడిగా అమ్మి ఉంటే 2 లక్షలూ పోయేవి. అంతా ఎగుమతి చేసి ఉంటే 2 లక్షలూ వచ్చేవి. బియ్యం అదే, సంచి అదే, మర అదే. తేడా అంతా ఆ సున్నా ఏ గదిలో పడిందన్నదాని మీదే ఉంది.

యంత్రాల విషయంలో లెక్క ఇంకొంచెం గడ్డుగా ఉంటుంది. రంగు తేడా ఉన్న గింజలను ఏరివేసే సార్టెక్స్ యంత్రాన్ని మిల్లు 40 లక్షలకు కొన్నదనుకుందాం. 2022 జూలై 18 నుంచి ధాన్యం శుభ్రపరిచే, ఏరే, ఆడే యంత్రాల మీద పన్నును 5 శాతంనుంచి 18 శాతానికి పెంచారు. ఆ రేటున పన్ను 7 లక్షల 20 వేలు. ఉమ్మడి వాడకంలో ఉన్న యంత్రం మీది క్రెడిట్‌ను 60 నెలలకు పంచుతారు. నెలకు 12 వేలు. పై నిష్పత్తి ప్రకారం అందులో 7,200 మినహాయింపు భాగం కనుక పోతుంది. మిగిలిన 4,800 క్రెడిట్ ఖాతాలో ఉంటుంది. కాని పై సూత్రంలో "నికర క్రెడిట్" అంటే సరుకులు, సేవల మీది క్రెడిట్ మాత్రమే. యంత్రాల మీదిది అందులో చేరదు. అందువల్ల ఆ 4,800 నగదుగా రాదు. దేశంలో పన్ను పడే అమ్మకం ఏదైనా ఉంటే దాని పన్నుకు సర్దుకోవాలి. అక్కడే తవుడు ఆదుకుంటుంది. నూనె మిల్లుకు అమ్మే తవుడు మీద 5 శాతం పన్ను ఉంది. మొత్తం వ్యాపారంలో చిన్న భాగమైన తవుడే మిల్లు క్రెడిట్ బయటికి వచ్చే తలుపు. తవుడు అమ్మకం వల్ల పై నిష్పత్తి కూడా కొద్దిగా మారుతుంది.

అదే 2022 జూలై 18న ఇంకొక మార్పు వచ్చింది. అంతకుముందు నమోదైన బ్రాండు పేరుతో సంచిలో అమ్మే బియ్యం మీద మాత్రమే 5 శాతం ఉండేది. ఆ రోజునుంచి ముందే తూచి, ముద్రవేసి, 25 కిలోలు లేదా అంతకంటె తక్కువ బరువున్న సంచుల్లో అమ్మే బియ్యమంతా 5 శాతంలోకి వచ్చింది. మన ఇళ్ళలో బియ్యం బస్తా అంటే చాలామందికి 25 కిలోలదే. కొద్దికాలానికే అంగళ్ళలో 26 కిలోల సంచులు కనిపించాయి. ఒక్క కిలో పెరిగితే పన్ను పోతుంది. ఆ తెలివిలో వ్యాపారి గమనించక వదిలేసినది ఇంకొకటి ఉంది. 26 కిలోల సంచితో మిల్లు మినహాయింపు గదిలోకి దిగుతుంది, క్రెడిట్ వదులుకుంటుంది. అతని కొనుగోళ్ళ మీది పన్ను తక్కువైతే ఇది లాభమే. 2 కోట్ల అమ్మకానికి కొనుగోలు పన్ను 2 లక్షలే అయితే, 10 లక్షల పన్ను వసూలు చేసి 8 లక్షలు కట్టడంకన్నా 2 లక్షలు వదులుకోవడమే కొనేవాడికి చవక. కాని ఆ యేడు కొత్త యంత్రాలు దించిన మిల్లుకు ఈ లెక్క తిరగబడవచ్చు. కాగితం మీద వేసి చూసుకోకుండా పక్క మిల్లు చేసిందని చేసేవారే ఎక్కువ.

ఎగుమతి బియ్యం లెక్కలో తప్పులు ఎక్కడ జరుగుతాయి? మొదటిది కాగితంలో. మినహాయింపు సరఫరాకు ఇచ్చేది సరఫరా బిల్లు. ఎగుమతికి ఇచ్చేది పన్ను ఇన్‌వాయిస్, దాని మీద పన్ను కట్టకుండా ఎగుమతి చేస్తున్నామన్న మాట రాసి ఉండాలి. రెండవది నెలవారీ రిటర్నులో. GSTR-3B పత్రంలో 3.1 పట్టికలో (b) వరుస సున్నా రేటు అమ్మకాలకు, (c) వరుస నిల్, మినహాయింపు అమ్మకాలకు. బియ్యం అంటే నిల్ అని అలవాటుపడిన గుమస్తా ఎగుమతిని కూడా (c)లో వేసేస్తే, ఎగుమతి లేనట్టే లెక్క తేలుతుంది. RFD-01 దరఖాస్తులో అడిగిన వాపసుకు రిటర్నులో ఆధారం కనపడదు. వాపసు అడగడానికి రెండేళ్ళ గడువుంది. ఓడ కదిలిన నాటినుంచి ఆ గడువు నడుస్తుంది. మన మిల్లుల్లో పాత ఫైళ్ళు తీసే రోజు సాధారణంగా ఆ తరువాతే వస్తుంది.

తప్పేమీ చేయకపోయినా డబ్బు ఆగిన కాలం కూడా ఉంది. 2023 జూలై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని కేంద్రం నిషేధించింది. ఆగస్టు 25న ఉప్పుడు బియ్యం మీద 20 శాతం ఎగుమతి సుంకం వేసింది. కాకినాడనుంచి ఆఫ్రికాకు వెళ్ళే సరుకులో ఉప్పుడు బియ్యం పాలు ఎక్కువ. సుంకం కనపడేది. దాని వెనకాల ఇంకొక దెబ్బ ఉంది. ఎగుమతి సుంకం పడే సరుకుకు, వాడకుండా మిగిలిన క్రెడిట్‌ను వాపసు ఇవ్వరాదని వస్తుసేవల పన్ను చట్టంలో నిబంధన ఉంది. సుంకం పడినన్నాళ్ళూ ఎగుమతి సున్నా రేటు గదిలోనే ఉంది, పేరు మారలేదు. కాని నగదు తలుపు మూసుకుంది. క్రెడిట్ ఖాతాలో పేరుకుపోయింది. దేశంలో పన్ను పడే అమ్మకాలు లేని మిల్లుకు ఆ క్రెడిట్ పనికిరాని నాణెం. 2024 సెప్టెంబరు చివరలో తెల్ల బియ్యం మీద నిషేధం తొలగింది, ఉప్పుడు బియ్యం సుంకం 10 శాతానికి తగ్గింది. అక్టోబరు 22న పూర్తిగా తీసేశారు.

ఇక డెల్టా మిల్లుల్లో ఎక్కువమంది పరిస్థితి ఇంకొకటి. వాళ్ళు తామే ఎగుమతి చేయరు. కాకినాడలోని ఎగుమతిదారుకు అమ్ముతారు. అతను ఓడ ఎక్కిస్తాడు. 1976 తరువాత కేంద్ర అమ్మకం పన్ను చట్టంలో ఈ అమ్మకాన్ని కూడా ఎగుమతి క్రమంలోనిదిగా చూసేవారు, మన 2005 చట్టం దాన్ని సున్నా రేటులో చేర్చింది. వస్తుసేవల పన్నులో ఆ పాత రక్షణ అదే రూపంలో లేదు. ఎగుమతిదారుకు అమ్మిన విడి బియ్యం దేశంలోపలి అమ్మకమే, మినహాయింపే. మిల్లు క్రెడిట్ పోతుంది. ఆ సరుకు నిజంగా విదేశానికి పోయిందన్న విషయం మిల్లు ఖాతాకు ఏమాత్రం పట్టదు. విచిత్రమేమిటంటే, 2017 అక్టోబరులో ఎగుమతిదారులకు 0.1 శాతం రేటున సరుకు అమ్మే వెసులుబాటు ఇచ్చారు. అది పన్ను పడే సరుకుకే వర్తిస్తుంది. కనుక 0.1 శాతం పన్ను పడిన మిల్లు తన క్రెడిట్ కాపాడుకుంటుంది, అసలు పన్నే లేని మిల్లు పోగొట్టుకుంటుంది. పన్ను చట్టాల్లో నాకు ఎప్పుడూ నవ్వు తెప్పించేది ఇదే. సున్నా కంటె వెయ్యిలో ఒకవంతు చవక.

చివరిగా రైతు. సున్నా రేటు కింది మెట్లను కూడా తుడుస్తుందని మొదట అన్నాను. తుడిచేది నమోదైన వ్యాపారి చేతిలో ఉన్న ఇన్‌వాయిస్‌ల వరకే. రైతు నమోదు కాడు, కానక్కరలేదు. ఎరువు మీద 5 శాతం, పురుగుమందు మీద 18 శాతం కడతాడు. ట్రాక్టరు మీద 2025 సెప్టెంబరు 22 వరకు 12 శాతం, తరువాత 5. డీజిలు వస్తుసేవల పన్నులోకే రాలేదు, దాని మీద రాష్ట్రపు పన్ను వేరు. ఇదంతా ధాన్యం ధరలో కలిసి మిల్లు గేటు దాటుతుంది. ధాన్యం నిల్ సరుకు కనుక మిల్లుకు రైతు ఇచ్చే కాగితంలో పన్ను అంకె ఏదీ ఉండదు. అంకె లేనిదానికి క్రెడిట్ లేదు. పై లెక్కలోని 80 వేల వాపసులో ఆ పన్ను ఒక్క రూపాయి కూడా లేదు. 1996లో పార్లమెంటు ధాన్యాన్నీ బియ్యాన్నీ ఒకటిగా చూడమన్నది ధాన్యం కొనుగోలు పన్ను కోసం. పొలంలో కట్టిన పన్నుకు అలాంటి సవరణ ఏదీ రాలేదు. అది ఇప్పటికీ బియ్యంతోపాటే కాకినాడలో ఓడ ఎక్కుతోంది.

మా బంధువుగారికి ఇదంతా చెప్పాను. ఆయన మొత్తం విని, తన మిల్లు పుస్తకాల్లో ఎగుమతిదారుకు అమ్మిన సంచులను విడి ఖాతాలో రాయమని గుమస్తాకు ఆ సాయంత్రమే ఫోను చేశారు. తవుడు బిల్లులు కూడా వేరుగా పెట్టమన్నారు.